లింకు రాలేదంటే ఖాతా లేదని కాదు

దరఖాస్తుల పోర్టళ్లలో నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే వాక్యం ఒకటుంది. "మీరిచ్చిన ఈమెయిల్‌తో ఖాతా ఉన్నట్లయితే, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు పంపించాం." చదివేవారి చూపు 'పంపించాం' అన్న మాట మీదే నిలుస్తుంది. మధ్యలో నక్కి ఉన్న 'ఉన్నట్లయితే' ఎవరికీ పట్టదు. ఇన్‌బాక్స్ తెరిచి కూర్చుంటారు. కాసేపు చూస్తారు, స్పామ్‌లో వెతుకుతారు, మళ్లీ లింకు అడుగుతారు. ఏమీ రాదు. ఒకపక్క గడువు తరుముకొస్తుంటుంది. అదే పేజీలో 'కొత్తగా నమోదు చేసుకోండి' అన్న బటన్ కళ్లెదుటే ఉంటుంది. ఇక దాన్ని నొక్కకుండా ఉండగలిగేవారు తక్కువ.

రెండో ఖాతా పుట్టేది అక్కడే. దీన్ని అజాగ్రత్త అని తేల్చేసేవారితో నేను ఏకీభవించను. చాలా సందర్భాల్లో ఆ మనిషి మరచిపోయింది పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, ఏ ఈమెయిల్‌తో నమోదయ్యారన్నది కూడా. పాస్‌వర్డ్ పోతే తిరిగి తెచ్చుకోవడానికి పోర్టల్‌లో దారి ఉంది. ఏ చిరునామా ఇచ్చామో గుర్తు లేకపోతే ఆ దారి మొదటి అడుగులోనే మూసుకుపోతుంది. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి అని ప్రతి పోర్టలూ పాఠం చెబుతుంది గానీ, లాగిన్ పేరును కూడా అంతే జాగ్రత్తగా దాచుకోమని చెప్పిన పోర్టల్ నాకింతవరకు తగల్లేదు.

పోర్టల్ ఎందుకు దాస్తుంది

న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. ఇలాంటి పోర్టళ్లు తయారుచేసే మిత్రుడొకరితో ఈ విషయమై వాదించాను. "ఈ ఈమెయిల్‌తో ఖాతా లేదు అని సూటిగా చెప్పేస్తే మీకేం పోతుంది?" అని అడిగాను. "నాకేం పోదండీ, దరఖాస్తు పెట్టినవారికే పోతుంది" అన్నారాయన. ఉద్యోగానికి దరఖాస్తు చేసిన మనిషి ప్రస్తుత యజమాని, ఆ మనిషి ఈమెయిల్‌ను ఈ పేజీలో కొట్టి చూస్తే చాలు, ఖాతా ఉందో లేదో తెలిసిపోతుంది. ఉపకారవేతనం, రుణం, ఆశ్రయం, ఏ దరఖాస్తయినా అంతే. పైగా వేరే చోట దొంగిలించిన ఈమెయిళ్ల జాబితాను యంత్రంతో వరుసగా ప్రయత్నించి, ఏవి ఇక్కడ చెల్లుతాయో ఏరుకునేవారు ఉన్నారు. అందుకే ఉన్నా లేకున్నా ఒకే జవాబు ఇవ్వడం భద్రత తెలిసినవారి ఆనవాయితీ.

ఆ వాదన నేను ఒప్పుకుంటాను. కానీ గుట్టు బయటపెట్టకుండానే సాయం చేసే మార్గం ఉంది. ఖాతా లేని చిరునామాకు కూడా ఒక ఉత్తరం పంపవచ్చు: "ఈ చిరునామాతో ఎవరో లింకు అడిగారు, ఇక్కడ దీనిపై ఖాతా లేదు, మరో చిరునామాతో ప్రయత్నించండి" అని. అది ఆ ఇన్‌బాక్స్ సొంతదారు తప్ప మరెవరూ చూడరు. కొన్ని పోర్టళ్లు ఇలా చేస్తున్నాయి కూడా. మిగతావి మౌనంగా ఉన్నంతకాలం, ఆ మౌనాన్ని ఎలా చదవాలో మనమే నేర్చుకోవాలి.

ఒక చుక్క చేసిన గందరగోళం

మా బాబాయి కూతురు పీజీ ప్రవేశాలకు ఒక విశ్వవిద్యాలయం పోర్టల్‌లో దరఖాస్తు మొదలుపెట్టి, సగంలో ఆపి, కొన్ని వారాల తరువాత మళ్లీ తెరిచింది. పాస్‌వర్డ్ గుర్తు లేదు. లింకు అడిగింది, రాలేదు. "అక్కా, నా ఖాతా పోయినట్టుంది, కొత్తది తెరిచేస్తాను" అని ఫోను చేసింది. ఏమీ నొక్కవద్దని చెప్పి, ముందు ఆమె మెయిల్ పెట్టెలో ఆ పోర్టల్ పేరుతో వెతకమన్నాను. నమోదైన రోజు వచ్చిన స్వాగత ఉత్తరం దొరికింది. ఉత్తరం ఉందంటే ఖాతా ఉన్నట్టే కదా, మరి లింకు ఎందుకు రావడం లేదు?

ఆ ఉత్తరంలో పంపినవారి పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తును నొక్కి, అది ఏ చిరునామాకు వచ్చిందో అక్షరం అక్షరం చదవమన్నాను. అక్కడ తేలింది. నమోదైన రోజు ఆమె తన పేరుకూ ఇంటిపేరుకూ మధ్య చుక్క పెట్టింది. ఇప్పుడు లింకు అడిగేటప్పుడు చుక్క లేకుండా కొడుతోంది. జీమెయిల్ తన చిరునామాల్లో చుక్కలను లెక్కచేయదు. చుక్క ఉన్నా లేకున్నా ఉత్తరం ఒకే పెట్టెలో పడుతుంది. అందుకే తన చిరునామాను రెండు రకాలుగా రాస్తున్నానన్న అనుమానమే ఆమెకు ఎప్పుడూ రాలేదు. పోర్టల్‌కు ఆ జీమెయిల్ సంగతి తెలియదు. దాని పట్టికలో అవి రెండు వేర్వేరు చిరునామాలు, అంతే. చుక్కతో కొట్టగానే నిమిషంలో లింకు వచ్చింది. వెనకటి దరఖాస్తు, ఎక్కించిన మార్కుల జాబితాలతో సహా, వదిలిన చోటే ఉంది.

ఆమె కొత్త ఖాతా తెరిచి ఉంటే పోర్టల్ అడ్డుచెప్పేది కాదు, ఎందుకంటే దాని లెక్కలో ఆ ఈమెయిల్ కొత్తదే. గొడవ తరువాత వచ్చేది. ఇలాంటి పోర్టళ్లలో పత్రాలు, రుసుము రసీదు, సిఫారసు లేఖ రాసేవారికి వెళ్లే అభ్యర్థన అన్నీ ఖాతాకు అంటిపెట్టుకుని ఉంటాయి. రెండో ఖాతా ఖాళీగా మొదలవుతుంది. మొదటిదానిలో అడిగిన సిఫారసు లేఖ మొదటిదానికే చేరుతుంది, రెండోది 'లేఖ అందలేదు' అనే చెబుతూ ఉంటుంది. పరిశీలన దశలో పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు సంఖ్య కలిపి చూసినప్పుడు ఒకే మనిషి రెండుసార్లు కనబడతారు. కొన్నిచోట్ల సిబ్బంది రెంటినీ కలుపుతారు, కొన్నిచోట్ల ఒకటి తీసేస్తారు, ఒకరికి ఒకే దరఖాస్తు అని నిబంధన ఉన్నచోట రెండూ చిక్కులో పడవచ్చు. ఏది జరుగుతుందన్నది మన చేతిలో ఉండదు.

మౌనానికి మరికొన్ని కారణాలు

చుక్క ఒక్కటే కాదు. నమోదైన రోజు ఈమెయిల్, పాస్‌వర్డ్ కొట్టకుండా, గూగుల్ ఖాతాతో లోపలికి రండి అనే బటన్ నొక్కి ఉండవచ్చు. అలాంటి ఖాతాకు చాలా పోర్టళ్లలో అసలు పాస్‌వర్డే ఉండదు. లేని పాస్‌వర్డ్‌ను మార్చుకునే లింకు ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ అదే బటన్ నొక్కడమే మార్గం. ఆపిల్ బటన్ నొక్కినవారికి ఇంకో మెలిక ఉంది. ఈమెయిల్ దాచమని ఎంచుకుంటే, పోర్టల్‌కు మన అసలు చిరునామా వెళ్లదు. privaterelay.appleid.com తో ముగిసే ఒక మారు చిరునామా వెళుతుంది. మన సొంత ఈమెయిల్‌తో ఎన్నిసార్లు అడిగినా పోర్టల్ పట్టికలో అది దొరకదు. ఐఫోను సెట్టింగులలో పైన మన పేరు నొక్కి, Sign in with Apple అన్న చోట చూస్తే ఏ సేవకు ఏ చిరునామా ఇచ్చామో కనబడుతుంది.

మరో కారణం, నమోదు సగంలో ఆగిపోవడం. ఈమెయిల్‌ను ధ్రువీకరించే లింకు నొక్కకుండా వదిలేస్తే ఖాతా పుట్టీ పుట్టని స్థితిలో ఉంటుంది. లాగిన్ కాదు, కొన్నిచోట్ల పాస్‌వర్డ్ లింకు కూడా రాదు. నమోదు చేయబోతే మాత్రం 'ఈ ఈమెయిల్ ఇప్పటికే వాడుకలో ఉంది' అంటుంది. ఇక్కడ కావలసింది ధ్రువీకరణ ఉత్తరాన్ని మళ్లీ పంపించుకోవడం. ఆ అవకాశం సాధారణంగా లాగిన్ పేజీలోనే ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అందుకని నేను ఇప్పుడు పాటించే వరుస ఇది. ముందు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిచి ఆ పోర్టల్ పేరు వెతకాలి. అక్కడి పాస్‌వర్డ్ పాతదైపోయి ఉండవచ్చు, దాని పక్కన ఉన్న యూజర్ పేరు మాత్రం బంగారం. ఇక్కడ ఒక తకరారు ఉంది: కొన్ని సంస్థలు ఒక్కో విడతకు ఒక్కో వెబ్ చిరునామా పెడతాయి. చిరునామా మారితే బ్రౌజర్ తనంతట తాను ఏమీ చూపించదు, మనమే జాబితాలోకి వెళ్లి సంస్థ పేరుతో వెతకాలి. ఆ తరువాత మనకున్న ప్రతి మెయిల్ పెట్టెలోనూ స్వాగత ఉత్తరం, ధ్రువీకరణ, దరఖాస్తు సంఖ్య కోసం వెతకాలి. 'పాస్‌వర్డ్ మరచిపోయాను' పక్కన 'యూజర్ ఐడీ మరచిపోయాను' అన్న లింకు ఉందేమో చూడాలి. అది పుట్టిన తేదీ, ఫోను నంబరు అడిగి, మధ్య అక్షరాలు చుక్కలతో కప్పిన ఈమెయిల్‌ను చూపిస్తుంది. ఆ మొదటి అక్షరం, చివరి అక్షరం చాలు, నాలుగు చిరునామాల్లో ఏదో తేల్చుకోవడానికి.

అయితే కొత్త ఖాతా ఎప్పుడూ తప్పేనా? కాదు. కొన్ని పోర్టళ్లు ప్రతి విడతకూ కొత్తగా నమోదు కావాలనే కోరతాయి, పాత ఖాతాలు చెల్లవని సూచనల్లోనే రాస్తాయి. అక్కడ పాతదాని కోసం వెతకడం వృథా. ఆ సూచనల పేజీ ఎవరూ చదవరని నాకు తెలుసు, అయినా ఈ ఒక్క ముక్క కోసం చదవవలసిందే.

లింకు వచ్చాక కూడా

లింకు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఆత్రంలో వరుసగా అడిగితే, చాలాచోట్ల కొత్త లింకు పుట్టగానే పాతది చచ్చిపోతుంది. ఉత్తరాలు ఆలస్యంగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మనం మొదట వచ్చినదాన్ని నొక్కుతాం, 'గడువు ముగిసింది' అంటుంది, మళ్లీ అడుగుతాం. ఈ చక్రం నుంచి బయటపడాలంటే ఒకసారి అడిగి ఊరుకోవాలి. ఇప్పటికే చాలాసార్లు అడిగి ఉంటే, అన్నీ వచ్చాక చివరిది మాత్రమే తెరవాలి.

ఇంకొకటి చూశాను. పాస్‌వర్డ్ మార్చిన మరుక్షణమే లాగిన్ కాకపోవడం. కారణం బ్రౌజర్. అది దాచుకున్న పాత పాస్‌వర్డ్‌ను పెట్టెలో నింపేస్తుంది, అక్కడ కనబడేది నల్ల చుక్కలే కాబట్టి మనకు తేడా తెలియదు. అలా తప్పులు పేరుకుంటే ఖాతాకు తాత్కాలికంగా తాళం పడుతుంది. అప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తిరస్కరిస్తుంది. దాంతో కొత్త పాస్‌వర్డే పనిచేయలేదని అనుకుని మళ్లీ మొదటికి వస్తారు. కంటి గుర్తు నొక్కి, ఏమి నిండిందో ఒకసారి చూసుకుంటే ఈ గొడవ ఉండదు. తాళం పడిందని తెలిస్తే పేజీ చెప్పినంతసేపు ఆగడమే మేలు. ఆ వ్యవధిలో ప్రయత్నిస్తూ ఉంటే కొన్నిచోట్ల గడియారం మళ్లీ మొదలవుతుంది.

బలమైనది అంటే

పాస్‌వర్డ్ విషయానికి వస్తే, పోర్టళ్లు పెట్టే నిబంధనల మీద నాకు పెద్దగా గౌరవం లేదు. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అనగానే మనుషులు చేసేది ఒక్కటే: పేరులో మొదటి అక్షరం పెద్దది చేసి, @ పెట్టి, పుట్టిన సంవత్సరం తగిలిస్తారు. నిబంధనలన్నీ నెగ్గాయి. కానీ దరఖాస్తు పోర్టల్‌లో పేరూ పుట్టిన తేదీయే కదా అందరికీ తెలిసిన వివరాలు! అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఇలాంటి కూర్పు నిబంధనలు పెట్టవద్దని, ఊరికే కొన్నాళ్లకోసారి మార్పించవద్దని సూచించింది. 2025లో వచ్చిన సవరణ, పాస్‌వర్డ్ ఒక్కటే కాపలాగా ఉన్నచోట కనీసం 15 అక్షరాలు ఉండాలంటోంది. పొడవు మీదికి దృష్టి మళ్లింది. ఇంకా పాత నిబంధనలే పట్టుకుని వేలాడే పోర్టళ్లకు ఈ కబురు ఎప్పుడు అందుతుందో.

పొడవుకంటే ముందు చూడవలసింది, అది మరెక్కడా వాడనిదై ఉండాలి. మన ఖాతాల్లోకి చొరబడేవారు చాలావరకు కూర్చుని ఊహించరు. వేరే సైటు నుంచి బయటపడిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటను తెచ్చి ఇక్కడ పెట్టి చూస్తారు. ఎంత జటిలమైన పాస్‌వర్డ్ అయినా రెండుచోట్ల వాడితే ఈ దాడి ముందు నిలవదు.

చేతితో తయారుచేయాలంటే నాకు నచ్చిన పద్ధతి, సంబంధం లేని ఐదు మాటలను పేర్చడం. మాటలను మనం ఎంచుకోకూడదు, పాచికలో నిఘంటువో ఎంచాలి. మనసుకు తట్టినవి ఎంచుకుంటే ఇంట్లోవాళ్ల పేర్లే వస్తాయి. నిఘంటువును ఎక్కడో తెరిచి వేలు పెట్టినచోట సులువైన మాట తీసుకుంటూ పోతే ఇలాంటిది తయారవుతుంది:

```
Vantena-gurram-addam-megham-sutti7
```

మొదటి పెద్దక్షరం, చివరి 7 కేవలం పోర్టల్‌ను శాంతింపజేయడానికి. బలమంతా మాటల్లోనే ఉంది. పాచికలతో ఎంచే ప్రసిద్ధ జాబితాల్లో 7,776 మాటలుంటాయి. వాటిలోంచి నాలుగు మాటలు యాదృచ్ఛికంగా తీస్తే, కీబోర్డు మీది 94 గుర్తులతో యాదృచ్ఛికంగా కూర్చిన ఎనిమిది అక్షరాలకు దాదాపు సమానం. ఐదో మాట దాన్ని వేలరెట్లు పెంచుతుంది. పైన రాసినదాన్ని మాత్రం వాడవద్దు, ఇక్కడ అచ్చయింది కాబట్టి దాని పని అయిపోయింది.

తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవారికి ఒక ఉచ్చు ఉంది. వంతెనలోని 'త'కు ఒకరోజు t రాస్తాం, మరోరోజు th రాస్తాం. దీర్ఘానికి ఒకసారి aa, ఒకసారి a. రెండు నెలల తరువాత మాటలన్నీ గుర్తుంటాయి, వర్ణక్రమం గుర్తుండదు. రెండు విధాలుగా రాయడానికి వీల్లేని మాట వచ్చేదాకా పేజీ తిప్పుకోవడం, లేదంటే రాసి పెట్టుకోవడం మేలు. తెలుగు లిపిలోనే పెడితే పోదా అంటే, చాలా పోర్టళ్లు తీసుకోవు. తీసుకున్నా, తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఇబ్బంది పడతాం.

పొడవుతో వచ్చే మరో ఇబ్బంది గురించి ముందే తెలుసుకోవాలి. కొన్ని పోర్టళ్లలో నమోదు పేజీ పొడవైన పాస్‌వర్డ్‌ను తీసుకుంటుంది, లాగిన్ పేజీలోని పెట్టె మాత్రం ఏ పదహారు అక్షరాల దగ్గరో చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. మనం కొడుతూనే ఉంటాం, చుక్కలు పెరగవు. చుక్కలు ఆగాయంటే అదే గుర్తు. అందుకే పాస్‌వర్డ్ పెట్టిన వెంటనే, మెయిల్ పెట్టె ఇంకా తెరిచి ఉండగానే, బయటకు వచ్చి ఒకసారి మళ్లీ లోపలికి వెళ్లి చూడాలి. అలా ఆగే పోర్టల్ అయితే, అది ఒప్పుకునే పొడవులో పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టించిన అర్థంలేని అక్షరాలే శ్రేష్ఠం.

నిజానికి నేను మేనేజర్‌ను సమర్థించేది పాస్‌వర్డ్ కోసం కంటే లాగిన్ పేరు కోసం. అది వెబ్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ మూడింటినీ ఒకే చోట ఉంచుతుంది. చుక్క ఉన్న ఈమెయిలా, లేనిదా అన్న ప్రశ్నే పుట్టదు. దాని నోట్సు గడిలో దరఖాస్తు సంఖ్యను, ఏ బటన్‌తో లోపలికి వెళ్లామో, ఏ ఫోను నంబరు ఇచ్చామో రాసి పెట్టుకోవచ్చు. మేనేజర్ వద్దనుకునేవారు ఈ వివరాలను కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. కాగితం మీద రాయకూడదన్న పాత హెచ్చరిక కార్యాలయం బల్లమీద అతికించే చీటీలకు సరిపోతుంది. బీరువాలోని నోటుపుస్తకాన్ని దూరదేశపు దొంగ తెరవలేడు.

తలుపులన్నీ మూసుకుంటే

పాత కళాశాల ఇచ్చిన ఈమెయిల్ మూతపడింది, పాత ఫోను నంబరు వేరేవారికి వెళ్లింది అనుకోండి. ఖాతా ఉందని తెలుసు, లింకు ఎక్కడికి వెళుతుందో తెలుసు, అక్కడికి మనం వెళ్లలేం. ఇక్కడ కొత్త ఖాతాయే గతి అనిపిస్తుంది. అయినా ముందు హెల్ప్‌డెస్క్‌కు రాయాలి. రాసేటప్పుడు 'లాగిన్ కావడం లేదు' అంటే వాళ్లు మళ్లీ లింకు అడగమనే చెబుతారు. 'నా ఖాతాలోని ఈమెయిల్ మార్చండి' అని స్పష్టంగా కోరాలి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, దరఖాస్తు సంఖ్య, పాత ఈమెయిల్, కొత్త ఈమెయిల్, రుసుము కట్టి ఉంటే లావాదేవీ సంఖ్య ఇవ్వాలి. వాళ్లు గుర్తింపు పత్రం అడగవచ్చు, అది సహజం. పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగితే మాత్రం అవతల ఉన్నది హెల్ప్‌డెస్క్ కాదు.

రెండో ఖాతా ఇప్పటికే తెరిచేసినవారు రెండోసారి రుసుము కట్టకుండా, దరఖాస్తు సమర్పించకుండా అక్కడే ఆగాలి. తమంతట తాము ఒకదాన్ని ఉపసంహరించుకోవడం కూడా నేను వద్దంటాను. కొన్ని పోర్టళ్లలో ఉపసంహరణ ఖాతాకు కాక మనిషికే వర్తించి, మిగిలినది కూడా రద్దు కావచ్చు. రెండు ఖాతాల ఈమెయిళ్లూ, దరఖాస్తు సంఖ్యలూ ఒకే ఉత్తరంలో రాసి, రసీదు, పత్రాలు ఏ ఖాతాలో ఉన్నాయో చెప్పి, దాన్ని ఉంచి రెండోదాన్ని మూసేయమని కోరాలి. గడువుకు ముందు రాసిన ఉత్తరానికీ, పరిశీలనలో దొరికాక ఇచ్చే వివరణకూ సిబ్బంది దృష్టిలో చాలా తేడా ఉంటుంది. వాళ్లు మూసేశామని జవాబిచ్చాక, ఉంచిన ఖాతాలోకి వెళ్లి పత్రాలు, రసీదు, సిఫారసు లేఖల స్థితి ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. రెండు ఖాతాలను కలిపేటప్పుడు ఎక్కువగా దారితప్పేవి ఆ లేఖలే.